వెలుగు తగ్గిస్తే పచ్చ

గౌస్ మొహిద్దీన్‌కు కోపం వస్తే గొంతు పెరగదు, దిగుతుంది. ఆ శనివారం ఉదయం అది ఎంత దిగిందంటే, కౌంటరుకు ఇవతల నిలబడ్డ లక్ష్మీనరసమ్మ రెండుసార్లు "ఏమంటివి?" అని అడగాల్సి వచ్చింది.

"ఫోన్‌కేం కాలేదు, ముందు మీ కళ్ళు చూపించుకోండి అంటున్నా."

మూడోసారి ఆ మాట దుకాణంలో ఉన్న నలుగురికీ స్పష్టంగానే వినపడింది. ఒకడు నవ్వాడు కూడా. లక్ష్మీనరసమ్మ నవ్వలేదు. పెద్దారవీడు నుంచి మొదటి బస్సెక్కి మార్కాపురం వచ్చిన మనిషి, పొద్దున ఏమీ తినలేదు. చేతిలో ఒక సంచి, సంచిలో ఒక చీర. ఆ చీరను తీసి కౌంటరు మీద పరిచింది.

"ఇది ఏం రంగు, చెప్పు."

"బూడిద రంగు."

"నీ దగ్గర బ్యాటరీ మార్పించుకున్నాక నా ఫోన్లో ఇది పిస్తా రంగు. త్రిపురాంతకంలో పన్నెండు మంది టీచరమ్మలు ఒకే రంగు పిస్తా చీరలు తెప్పియ్యమన్నారు. నేనే ఫోన్లో చూసి ఎంచుతానన్నా. వాళ్ళకు ఫోటో కూడా పంపలే, నా కన్ను మీద నాకు అంత నమ్మకం. పన్నెండూ వచ్చినాయి. అన్నీ బూడిద. వాళ్ళ పెద్దసారు పదవీ విరమణ ఫంక్షను, దానికి బూడిద కట్టుకోని రమ్మంటావా అని మొహం మీద అడిగినారు. ఆరేళ్ల నుంచి ఊరూరా చీరలమ్ముతున్నా, నన్ను ఇంతవరకు ఎవరూ రంగు తెలవనిదానివి అనలే. ఇప్పుడు నువ్వు కళ్ళు చూపించుకోమంటున్నావు."

గౌస్ ఆమె చేతిలోని ఫోన్ అందుకున్నాడు. రిపేరుకొచ్చిన ప్రతి తెరనూ అతను ఒకేలా చూస్తాడు. వెలుగు పూర్తిగా పెంచి, తెల్ల బొమ్మ, ఎర్ర బొమ్మ, ఆకుపచ్చ బొమ్మ, నీలం బొమ్మ ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతాడు. మచ్చ ఉంటే, గీత ఉంటే కనపడుతుంది. మంగళవారం బ్యాటరీ మార్చి ఇచ్చేటప్పుడూ అదే చేశాడు. ఇప్పుడూ అదే చేశాడు. తెలుపు మల్లెపువ్వులా ఉంది.

"ఇదిగో. ఎక్కడుంది పచ్చ?"

"నేను అంత వెలుతురు పెట్టుకోను. నాకు ఒంటితల నొప్పి. వెలుతురు తగిలితే వాంతులవుతాయి. అడుగుదాకా తగ్గించి చూడు."

అడుగుదాకా తగ్గించాడు. పైన రెండు ట్యూబులైట్లు, ఎదురుగా రోడ్డు మీద ఎండ. తెర మీద ఏమీ కనపడలేదు. అతని మొహమే కనపడింది. "చూసినా. ఏం లేదు," అన్నాడు, ఫోన్ ఆమె వైపు తోస్తూ. చూడనిదాన్ని చూశానన్నాడు. పనిలో ఆరితేరిన వాళ్ళకు ఈ జబ్బు ఉంటుంది, తమకు కనపడంది అసలు లేనే లేదనుకుంటారు.

లక్ష్మీనరసమ్మ చీర మడిచి సంచిలో పెట్టుకుంది. అప్పుడు అంది, తాపీగా, అందరికీ వినపడేలా: "నా ఒరిజినల్ డిస్‌ప్లే తీసుకోని డూప్లికేట్ వేసినావు. ఊరికే అంటంలే. ఎదురు దుకాణంలో చూపించినాకనే వచ్చినా. ఆ మహేష్ చెప్పినాడు."

గౌస్‌కు చెవుల్లోకి రక్తం ఎక్కింది.

ఆ దుకాణానికి ఉన్నది ఒక్కటే ఆస్తి. ఇచ్చిన ఫోన్లో ఏ సామాను ఉందో తిరిగి వచ్చేటప్పుడూ అదే ఉంటుందన్న పేరు. బస్టాండు చుట్టూ పదకొండు దుకాణాలున్నా పొదిలి నుంచి, గిద్దలూరు నుంచి జనం బస్సు దిగి గౌస్ దుకాణం ఎక్కడ అని అడిగేది అందుకే. ఇరవై రెండేళ్లలో ఒక్క స్క్రూ మారలేదని అతను చెప్పుకుంటాడు, అది నిజం కూడా. అలాంటివాడి మీద డిస్‌ప్లే మార్చాడన్న మాట పడితే అది ఒక కస్టమరు పోవడం కాదు, ఇక ఎవరూ అతని చేతికి ఫోన్ ఇచ్చి టీకి పోరు. ఎదురుగా నిలబడి కాపలా కాస్తారు. అలా బతకడం కంటే షట్టరు దించుకోవడం మేలని అతను ఎప్పుడో అనుకున్నాడు.

ఇక మహేష్ సంగతి. తొమ్మిదేళ్లు గౌస్ పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాడు. రెండేళ్ల కింద ఒక తెర పగలగొట్టినందుకు కస్టమర్ల ముందు గౌస్ అతని చెంప మీద కొట్టాడు. మర్నాడు మహేష్ రాలేదు. ఆరు నెలలకు రోడ్డుకు అటువైపు, సరిగ్గా ఎదురుగా, గౌస్ బోర్డు కంటే ఒక అడుగు పెద్ద బోర్డు లేచింది. అప్పట్నుంచి ఇద్దరూ రోజంతా ఒకరికొకరు కనపడుతూనే ఉంటారు, ఒక్క మాట లేదు.

ఇప్పుడు గౌస్ రోడ్డు దాటాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

"ఏంరా, డూప్లికేట్ అని చెప్పినావంటనే?"

మహేష్ సోల్డరింగ్ ఐరన్ కింద పెట్టి లేచాడు. "చెప్పినా. చెయ్యి అడ్డం పెట్టి చూసినా, పచ్చగా కొడతాంది. ఒరిజినల్ అట్ల కొట్టదు."

"తెర కింద వేలిముద్ర పనిచేస్తాంది కదరా దాంట్లో. డూప్లికేట్‌లో పనిచేస్తుందా?"

"ఆ కాలం పోయింది భాయ్. కాపీ ఓఎల్ఈడీ తెరలు వస్తున్నాయి ఇప్పుడు, వేలిముద్ర కూడా తీసుకుంటున్నాయి. నువ్వే తెప్పిస్తావు గదా."

"తెప్పిస్తా. అడిగినోళ్ళకు చెప్పి వేస్తా. నీ మాదిరి వేసినాక చెప్పను."

ఇద్దరి మధ్యా ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ ఆగింది. డ్రైవరు దిగి చూడసాగాడు. టీ కొట్టు దగ్గర గ్లాసులు పట్టుకున్నవాళ్ళు గ్లాసులతోనే వచ్చారు. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, సెల్‌ఫోన్ దుకాణాల సంఘానికి అధ్యక్షుడు నిత్యానందం పది నిమిషాల్లో స్కూటీ మీద వచ్చాడు. ఫోన్ కవర్లూ అద్దాలూ హోల్‌సేలుగా అమ్మే మనిషి. అందరితో మంచిగా ఉండాలి, ఎవరితోనూ తేల్చి చెప్పకూడదు, అదే అతని అధ్యక్షత. కానీ ఆ రోజు జనం ఎక్కువున్నారు, తేల్చక తప్పలేదు.

"ఫోన్ విప్పి డిస్‌ప్లే వెనక కంపెనీ కోడు చూస్తే తెలిసిపోతుంది గదా గౌసూ," అన్నాడు.

"కోడు చూడాలంటే తెరను వేడిచేసి ఊడదీయాల. మూడేళ్ల ఫోను. ఊడేటప్పుడు పగిలితే?"

"ఎవరూ విప్పొద్దు!" గౌస్ కౌంటరు దగ్గర్నుంచే లక్ష్మీనరసమ్మ అరిచింది. "ఒకసారి విప్పితే ఇట్లయింది. మళ్ళీ విప్పితే ఇంకేం మారుస్తాడో."

నిత్యానందం నుదురు తుడుచుకున్నాడు. "అయితే మధ్యాన్నం లోపల నువ్వు మార్చలేదని చూపించు గౌసూ. లేకుంటే సంఘం గ్రూపులో పెట్టక తప్పదు. నూట అరవై దుకాణాలు ఉన్నాయి దాంట్లో. ఆమె ఊరుకునేటట్టు లేదు."

చెయ్యని తప్పు చెయ్యలేదని చూపించడం ఎలాగో నిత్యానందం చెప్పలేదు. చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. గౌస్ తన దుకాణంలోకి తిరిగొచ్చాడు, వెనకాలే జనం వచ్చారు. ఫోన్ కౌంటరు మీదే ఉంది, లక్ష్మీనరసమ్మ చెయ్యి దాని పక్కనే ఉంది.

"చీకట్లో చూస్తేనే పచ్చ అంటున్నారు గదా?" అన్నాడు గౌస్.

"అంటున్నా."

"సరే." ఆమె చెయ్యి కదిలేలోపు ఫోన్ తీసుకున్నాడు. లోపలున్న వాళ్ళను భుజాలు పట్టి బయటికి నెట్టాడు, నిత్యానందాన్ని కూడా. ట్యూబులైట్లు ఆర్పాడు. షట్టరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. అది నేల తాకి చప్పుడు చేసింది.

బయట లక్ష్మీనరసమ్మ గొంతు: "లోపల మారుస్తాండాడు! నా డిస్‌ప్లే లోపలే పెట్టుకోని ఉన్నాడు, ఇప్పుడు బిగిస్తాండాడు!" అరచేతులు షట్టరు మీద దబదబా పడ్డాయి. మహేష్ గొంతు కూడా వినపడింది. "తియ్ భాయ్, మర్యాదగా ఉండదు!"

గౌస్ స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఎండలోంచి వచ్చిన కళ్ళకు చీకటి అలవాటు కావాలి. షట్టరు అవతల జనం తిడుతుంటే లెక్కపెడుతూ కూర్చున్నాడు. వంద లెక్కపెట్టాక కళ్ళు తెరిచి, వెలుగు అడుగుదాకా దించి, తెర చూశాడు.

పచ్చ.

అనుమానం లేదు. లక్ష్మీనరసమ్మ చీర ఫోటో తెరిచాడు. ఇందాక కౌంటరు మీద చూసిన బూడిద చీర తెర మీద పిస్తా రంగులో ఉంది. ఇంకో ఫోటో తెరిచాడు, ముదురు మెరూన్ పట్టు. అంచు మీద జరీ పువ్వులుండాలి. లేవు. అంచూ కొంగూ కలిసి ఒకే నల్లటి ముద్ద. వెలుగు కొంచెం పెంచాడు. పువ్వులు ఒక్కొక్కటే బయటపడ్డాయి, పచ్చ పల్చబడింది. తగ్గించాడు. మళ్ళీ పచ్చ, మళ్ళీ నలుపు.

ఆమె కళ్ళు బాగానే ఉన్నాయి. అంతమంది ముందు ఆమెను ఏమన్నాడో గుర్తొచ్చి గౌస్‌కు సిగ్గేసింది. సిగ్గు కంటే భయం ఎక్కువేసింది. తెర తను మార్చలేదు. బ్యాటరీకి వెనక మూత తీస్తే చాలు, తెరను ముట్టుకోనే లేదు. మరి మంగళవారం దాకా బాగున్న తెర మంగళవారం తర్వాత ఎందుకిలా అయింది?

అతనికి తెరల సంగతి తెలుసు. ఈ రకం తెరలో వెనక దీపం ఉండదు. ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు బుల్లి దీపాలుంటాయి, దేని వెలుగు దానిదే. కరెంటు బాగా అందితే మూడూ సమంగా వెలిగి తెలుపు వస్తుంది. కరెంటు బాగా తగ్గించినప్పుడే చిక్కు. మూడూ ఒకేలా తగ్గవు. ఎరుపూ నీలమూ ముందు నీరసిస్తాయి, ఆకుపచ్చ ఇంకా మొండిగా వెలుగుతుంది. బాగా ముదురు రంగులకైతే ఆ కాస్త కరెంటుకు దీపాలు వెలగనే వెలగవు, అక్కడ ఉన్నదంతా నలుపులో కలిసిపోతుంది. అందుకే కంపెనీలో ప్రతి తెరకూ ఒక పట్టిక రాసి పెడతారు, ఎంత వెలుగుకు ఏ దీపానికి ఎంత ఇవ్వాలో. ఆ పట్టిక కూడా ఒకటి కాదు. తెర సెకనుకు నూట ఇరవై సార్లు మారేటప్పుడు ఒకటి, అరవై సార్లు మారేటప్పుడు ఒకటి, కొన్ని రకాల్లో ఈ రెండోది సరిగా రాయరు.

అరవై దగ్గర గౌస్ ఆలోచన ఆగిపోయింది.

వేలు సెట్టింగుల్లోకి పోయింది. డిస్‌ప్లే. రిఫ్రెష్ రేటు. అరవై మీద ఉంది.

కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఆ ఫోన్ నూట ఇరవైలో వస్తుంది. లక్ష్మీనరసమ్మకు ఆ సెట్టింగు ఉందని కూడా తెలియదు. దాన్ని అరవైకి దించింది ఎవరో గౌస్‌కు బాగా తెలుసు. మంగళవారం, ఇదే స్టూలు మీద, ఇదే వేలు.

ఐదేళ్లుగా చేస్తున్నాడు, నూట ఇరవై తెరలు వచ్చినప్పట్నుంచి. బ్యాటరీ మార్చిన ఏ ఫోనైనా సరే, కస్టమరు చేతికిచ్చే ముందు తెర వేగం తగ్గించి, వెనక నడిచే యాప్‌లు నాలుగు ఆపి ఇస్తాడు. ఇంటికి పోయినవాడు, కొత్త బ్యాటరీ రోజున్నర వస్తాంది, గౌస్ చెయ్యే చెయ్యి అంటాడు. నిజానికి కొత్త బ్యాటరీ ఎలాగూ బాగానే వస్తుంది. ఈ చిట్కాతో ఇంకో రెండు గంటలు వస్తుంది. ఆ రెండు గంటలే బస్టాండులో మిగతా చాలా దుకాణాలకూ తనకూ తేడా. దీన్ని అతను ఎప్పుడూ మోసం అనుకోలేదు. ఇచ్చిన సామాను మార్చడం మోసం. ఇది పని ఒడుపు, అంతే. ఇన్నేళ్లలో ఎవరికీ తేడా తెలియలేదు, ఎందుకంటే అంత వెలుగు తగ్గించి చూసేవాళ్ళు ఎవరూ లేరు, అన్ని రకాల ఫోన్లలో ఆ పట్టిక అంత అధ్వానంగా ఉండదు కూడా. తలనొప్పి మనిషికి, ఈ రకం ఫోన్‌కు, తన చిట్కాకు లంకె పడింది.

నూట ఇరవై మీద నొక్కాడు. తెర ఒక్క క్షణం మినుకుమంది. పచ్చ పోయింది. వెలుగు అడుగునే ఉంది, చీర బూడిద రంగులోకి వచ్చింది. మెరూన్ చీర ఫోటో తెరిచాడు. అంచు మీద జరీ పువ్వులు ఉన్నచోటే ఉన్నాయి.

రిపేరు అయిపోయింది. పది సెకన్ల పని. గౌస్ ఊపిరి పీల్చుకుని షట్టరు దగ్గరికి నడిచాడు, చెయ్యి కూడా వేశాడు. అప్పుడు ఆగాడు.

బాగయిన ఫోన్ పట్టుకుని ఈ షట్టరు ఎత్తితే ఏమవుతుంది? మూసిన దుకాణంలో పావుగంట కూర్చుని తెర బాగుచేసుకొచ్చాడు. అంటే ఆమె అన్నదే నిజం, ఒరిజినల్ లోపలే దాచుకున్నాడు, జనం మీద పడేసరికి తిరిగి బిగించాడు. మహేష్ అయితే ఆ మాట అనడానికి షట్టరు పూర్తిగా లేచేదాకా కూడా ఆగడు. తన కోపంతో తనే దించుకున్న షట్టరు ఇది.

వాళ్ళ కళ్ళముందే చెడాలి, వాళ్ళ కళ్ళముందే బాగవ్వాలి. ఇంకో దారి లేదు. అలా చూపిస్తే, ఏది నొక్కితే చెడిందో చూపించాలి. అది చూపిస్తే ఎవరు నొక్కారని అడుగుతారు.

గౌస్ షట్టరు మీంచి చెయ్యి తీశాడు. తర్వాత రేటు తిరిగి అరవైకి దించాడు. బాగయినదాన్ని చేతులారా చెడగొట్టడం అతని జీవితంలో అదే మొదలు. షట్టరు మోకాలిదాకా ఎత్తాడు.

"లక్ష్మీనరసమ్మా, నిత్యానందం, మహేష్. ముగ్గురే లోపలికి రండి."

"నేను రాను. అందరూ చూడాల," అంది లక్ష్మీనరసమ్మ.

"అందరూ వస్తే చీకటి ఉండదమ్మా. మీరు చెప్పింది నిజమే, పచ్చ ఉంది. ఎందుకుందో చూపిస్తా."

ఆ 'నిజమే' అన్న మాట ఆమెను వంగి లోపలికి వచ్చేలా చేసింది. మహేష్ చివరన వచ్చాడు. రెండేళ్ల తర్వాత ఆ దుకాణంలో అడుగుపెట్టడం. గౌస్ షట్టరు దించి, కళ్ళు అలవాటు పడేదాకా ఆగమన్నాడు. నలుగురూ ఒకరి ఊపిరి ఒకరికి వినపడేంత ఇరుకులో, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా నిలబడ్డారు.

"చూడండి. ఇది మీ చీర."

"ఇదే! ఇదే పిస్తా!" లక్ష్మీనరసమ్మ ఫోన్ లాక్కుంది. బూడిద చీరలు వచ్చినప్పట్నుంచి తన కళ్ళను తనే అనుమానించుకున్న మనిషి.

"ఫోన్ మీ చేతిలోనే ఉంచుకోండి. నేను ముట్టను. డిస్‌ప్లే అని ఉంది, నొక్కండి. రిఫ్రెష్ రేటు. ఇప్పుడు నూట ఇరవై నొక్కి మళ్ళీ చీర చూడండి."

ఆమె నొక్కింది. చూసింది. వెనక్కి పోయి అరవై నొక్కింది, చూసింది. మళ్ళీ నూట ఇరవై. మెరూన్ చీర ఫోటో కూడా తెరిచి అలాగే చూసింది. చీకట్లో ఆమె మొహం మీద పచ్చ వచ్చి పోతోంది.

గౌస్ చెప్పుకుంటూ పోయాడు. "తెర మీ పాతదే, కంపెనీదే. అరవైలో ఈ రకం తెరకు తక్కువ వెలుగు కుదరదు. నూట ఇరవైలో ఉంచుకోండి. బ్యాటరీ సేవర్ కూడా వెయ్యొద్దు, అది కూడా అరవైకే దించుతుంది. ఎప్పుడన్నా అరవైలో పెట్టాల్సొస్తే, వెలుగు గీతను అడుగుదాకా లాగొద్దు. మధ్యలో ఆపి, ఎక్స్‌ట్రా డిమ్ అని ఉంది, అది వేసుకోండి. అది దీపాలకిచ్చే కరెంటు అంత తగ్గించదు, బొమ్మ మీద నల్ల ముసుగు కప్పినట్టు చేస్తుంది. అప్పుడు ఇంత పచ్చ రాదు, మీ తలనొప్పికీ బాగుంటుంది."

"అయితే డిస్‌ప్లే మారలేదన్నమాట," అన్నాడు నిత్యానందం. అతని గొంతులో ఊరట దాగలేదు. స్కూటీ ఎక్కి ఇంటికి పోవచ్చు.

"మారలే," అన్నాడు మహేష్, నెమ్మదిగా. "నేను తప్పు చెప్పినా."

లక్ష్మీనరసమ్మ ఇద్దరినీ వదిలేసి ఫోన్‌నే చూస్తోంది. "మంగళవారం దాకా ఇది బాగుండె. అప్పుడు నూట ఇరవైలో ఉన్నట్టు. అరవైకి ఎవరు దించినారు?"

బయట ఎవరో షట్టరు మీద వేళ్ళతో కొట్టారు.

"దానంతట అదే పడుతుందమ్మా," అన్నాడు మహేష్, తొందరగా. "అప్‌డేట్ వచ్చినప్పుడు అట్ల పడుతుంటాయి. కదా భాయ్?"

గౌస్ చీకట్లో అటు తిరిగాడు. మహేష్‌కు తెలుసు. ఆ చిట్కా నేర్పింది తనే, ఆ స్టూలు మీదే. ఎదురు దుకాణంలో మహేష్ బ్యాటరీ మార్చిన ప్రతి ఫోనూ అరవైలోనే బయటికి పోతుంది. వీడు కాపాడుతున్నది తనను కాదు, సొంత బోర్డును. అయినా ఒక దారి చేతికి అందించాడు. అవునంటే చాలు. డిస్‌ప్లే మచ్చ పోతుంది, చిట్కా చీకట్లోనే ఉండిపోతుంది, షట్టరు ఎత్తి మగాడిలా బయటికి నడవచ్చు. కానీ రేపట్నుంచి ప్రతి ఉదయం రోడ్డుకు అటువైపు నుంచి మహేష్ తనను చూస్తాడు, నా దయతో నీ దుకాణం తెరిచి ఉందని.

ఆ చూపు కింద కూర్చోవడం గౌస్ వల్ల కాదు. నిజాయితీ అంటే నిజాయితీ అనుకోండి, పంతం అంటే పంతం అనుకోండి. ఆ క్షణంలో అతనికి ఆ రెంటికీ తేడా తెలియలేదు.

"నేనే దించినా," అన్నాడు.

"ఎందుకు?"

"బ్యాటరీ ఎక్కువసేపు వచ్చినట్టు కనపడాలని. ఐదేళ్ల నుంచి అందరికీ అట్లనే చేసి ఇస్తున్నా."

నిత్యానందం నాలుక చప్పరించిన చప్పుడు వినపడింది. మహేష్ గోడకు ఆనుకున్నాడు.

లక్ష్మీనరసమ్మ గొంతు కూడా గౌస్ గొంతులాగే దిగింది. "అంటే బ్యాటరీ ఎక్కువసేపు వస్తున్నది ఈ మీట వల్లనా?"

"కొంచెం దానివల్ల. మిగతాది కొత్త బ్యాటరీ వల్ల."

"కొత్త బ్యాటరీ వేసినావా?"

గౌస్‌కు ఆ ప్రశ్న ముందు అర్థం కాలేదు. అర్థమవగానే గబగబా అన్నాడు, "వేసినా అమ్మా. నా చేతులతో వేసినా. పాతది చెత్తలో పడేసినా."

"డిస్‌ప్లే మార్చలేదని నా కళ్ళతో చూసినా, నమ్మినా. బ్యాటరీ మార్చినావని ఎట్ల నమ్మాల? ఈ మీట ఒక్కటి నొక్కి, పాతదే ఉంచి ఇచ్చినా నాకు ఇట్లనే ఉంటుంది గదా."

"ఒరిజినల్ బ్యాటరీ, అమ్మా. ఒట్టు..." అని ఆగిపోయాడు. ఇరవై రెండేళ్లలో కస్టమరు ముందు ఒట్టు అన్న మాట అతని నోట రాలేదు. నిజమే చెబుతున్నాడు, అది నిజమని తనకు తెలుసు. కానీ చీకట్లో తన గొంతు తనకే అబద్ధాలకోరు గొంతులా వినపడింది.

అప్పుడు మహేష్ గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చాడు. "లేదమ్మా. ఆయన బ్యాటరీ మార్చకుండా మార్చినానని చెప్పడు. తొమ్మిదేళ్లు పక్కనే కూర్చున్నా. నన్ను కొట్టినాడు, తిట్టినాడు, అది వేరే. ఈ ఒక్కదాంట్లో నా మాట నమ్మండి. ఆ బ్యాటరీ కొత్తదే."

గౌస్ ఆ మాటలు విన్నాడు. రెండేళ్లలో మహేష్ తన గురించి మంచి మాట అనడం అదే మొదటిసారి. అది నిజమైన మాట కూడా.

"నీ మాటా?" అంది లక్ష్మీనరసమ్మ. "పొద్దున డూప్లికేట్ డిస్‌ప్లే అని చెప్పింది నువ్వేగా. ఇప్పుడే కదా దానంతట అదే పడుతుందని చెప్తివి. గంటలో రెండు అబద్ధాలు చెప్పిన నోరు, మూడోది నమ్మమంటావా?"

లక్ష్మీనరసమ్మ ఫోన్ సంచిలో వేసుకుంది.

"షట్టరు ఎత్తండి. ఒంగోలు పోయి కంపెనీ సర్వీసు సెంటర్లో బ్యాటరీ చూపించుకుంటా."

ఎత్తింది నిత్యానందం. మిగతా ఇద్దరికీ చేతులు రాలేదు. ఎండ ఒక్కసారి లోపలికి పడేసరికి లక్ష్మీనరసమ్మ కణతలు నొక్కుకుని, కొంగు నెత్తిమీదికి లాక్కుంది. బయట జనం ఏమైంది ఏమైందని చుట్టుకున్నారు. ఆమె దాచలేదు, పెంచి చెప్పలేదు. డిస్‌ప్లే మార్చలేదంట, బ్యాటరీ బాగా వస్తున్నట్టు కనపడాలని లోపల ఒక మీట తగ్గించి ఇస్తాడంట, ఐదేళ్ల నుంచి అందరికీ అంతేనంట అని, ఉన్నది ఉన్నట్టు చెప్పి, సంచి చంకలో పెట్టుకుని బస్టాండులోకి నడిచింది.

ముందు ఆటో డ్రైవరు జేబులోంచి ఫోన్ తీశాడు. పక్కవాడిని అడిగాడు, ఆ మీట ఎక్కడుంటుందని. అతనూ తన ఫోన్ తీశాడు. తలలు వంగాయి, వేళ్ళు కదిలాయి. "నాదీ అరవైలోనే ఉంది రో," అన్నారెవరో. ఆ మాట అన్నవాడు గౌస్ వైపు తిరిగాడు. పక్కనున్నవాడు మాత్రం, "నేను మహేష్ దగ్గర మార్పించుకున్నా. ఇదీ అరవైలోనే ఉంది," అంటూ రోడ్డుకు అటువైపు తిరిగాడు.

గౌస్, మహేష్ ఇద్దరూ గౌస్ దుకాణం మెట్ల మీద పక్కపక్కనే నిలబడి ఉన్నారు. జనం ఫోన్లు చాపుకుంటూ దగ్గరికి వచ్చారు. అందరూ అడిగేది ఒకటే, వేసింది కొత్త బ్యాటరీయేనా అని. ఇద్దరూ అవునన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ పూట మార్కాపురంలో దాన్ని నమ్మిన మనుషులు ఇద్దరే, ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు.